మాస్టారి వాక్యాలకు కొటేషన్లు

నా థీసిస్ ఫైలు పెన్‌డ్రైవులో వేసుకుని యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లేనాటికి మాస్టారు పోయి పది నెలలు. ఆయన దగ్గర నేను పార్ట్‌టైము పీహెచ్‌డీకి చేరి అప్పటికి ఎనిమిదేళ్లు దాటింది. మొదటి ఏడాది ఆయన చెప్పే కోర్సు క్లాసుల్లో కూర్చుని నోట్సు కూడా రాసుకున్నాను. పర్చూరులో జూనియర్ కాలేజీ తెలుగు లెక్చరర్‌ని. పాఠాలు చెప్పుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా ఊళ్లు తిరుగుతూ, పత్తి పనిలో వాడే మాటలు పోగుచేశాను. విత్తనం నాటిన దగ్గర్నుంచి పరుపులో దూది కూరేదాకా ఎవరు దేన్ని ఏమంటారన్నదే నా పరిశోధన. ఆ అంశం ఇచ్చింది మాస్టారే. మా నాన్న దూది ఏకే పని చేసేవాడని తెలిసి, "ఇంట్లో గనిని పెట్టుకుని బయట వెతుకుతావేంటమ్మాయ్" అన్నారు మొదటిరోజే.

ఆఖరి అధ్యాయం ఆయన చూడలేదు. అంతకుముందు వానాకాలంలో ఆస్పత్రికి వెళ్లినవారు తిరిగి రాలేదు. డిపార్ట్‌మెంటులో ఆయనకన్నా చాలా చిన్నవారైన ఒక మేడం నాకు కొత్త గైడ్ అయ్యారు. మంచావిడ. నా అధ్యాయాలన్నీ ఓపిగ్గా చదివి, "ఇంక సిమిలారిటీ చెక్ చేయించండి, పది శాతం లోపు వస్తే సబ్మిట్ చేసేద్దాం" అన్నారు.

సిమిలారిటీ చెక్ అంటే, మనం రాసింది ఇంతకుముందు ఎక్కడైనా వచ్చినదానితో ఎంత కలుస్తుందో సాఫ్ట్‌వేర్ చూసి చెప్పడం. కలిసిన వాక్యాలకు రంగు వేస్తుంది, ఎక్కడివో పక్కన చూపిస్తుంది. ఆ పని చూసే లైబ్రేరియన్ నా ఫైలు తెరిచి రెండు నిమిషాలకే మూసేశారు. యాభై దాటినావిడ, మెడలో గొలుసుకు కళ్లద్దాలు వేలాడదీసుకుంటారు.

"ఇది పాత ఫాంటులో కొట్టించారు కదమ్మా. మనకి తెలుగులా కనపడుద్ది గానీ సాఫ్ట్‌వేర్‌కి లోపలంతా ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. యూనికోడ్‌లోకి మార్పించుకుని వర్డ్ ఫైలు తీసుకురండి."

గుంటూరు అరండల్‌పేటలో నాకు టైపు చేసిపెట్టిన డీటీపీ ఆయన దగ్గరికి వెళ్లాను. మిర్చి సీజను కావడంతో ఊరంతా ఘాటు. ఆయన తుమ్ముతూనే కన్వర్టర్‌లో వేసి, వారం రోజుల్లో మార్చి ఇచ్చాడు. నేను మళ్లీ ఒక ఆదివారమంతా కూర్చుని విరిగిన ఒత్తులు సరిచేశాను. కొటేషన్ గుర్తులు మాత్రం నా కళ్లకు ఆనలేదు.

మొదటి రిపోర్టు ముప్ఫై నాలుగు శాతం వచ్చింది.

ఆ అంకెను రెండుసార్లు చూసుకున్నాను. లైబ్రేరియన్ మాత్రం కుర్చీ దగ్గరగా లాక్కోమన్నారు. "కంగారు పడకండి. ఇందులో మీ తప్పెంతో, ఫైలు తప్పెంతో ముందు తేల్చుకుందాం" అంటూ ఒక్కో పేజీ తిప్పారు.

ముందు కొటేషన్లు. నేను ఇతరుల పుస్తకాలనుంచి తీసుకున్న ప్రతి వాక్యానికీ రెండువైపులా గుర్తులు పెట్టాను. ఫాంటు మార్చేటప్పుడు అవి కొన్నిచోట్ల వింత అక్షరాలుగా, కొన్నిచోట్ల ఒంటి గుర్తులుగా మారిపోయాయి. ఆ లైబ్రరీలో వాడే సాఫ్ట్‌వేర్ జంట గుర్తుల మధ్య ఉన్నదాన్నే ఉటంకింపుగా గుర్తించి వదిలేస్తుంది. గుర్తులు పోయేసరికి ఆ వాక్యాలన్నీ నేను సొంతంగా రాసుకున్నవాటి లెక్కలోకి వచ్చేశాయి.

తరవాత ఆధారగ్రంథాల పట్టిక. అది ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది కాబట్టి లెక్కలోంచి తీసేస్తారు. కానీ నేను పైన తెలుగులో శీర్షిక పెట్టాను, అదీ ప్రతి అధ్యాయం చివరా పెట్టాను.

"దీనికి ఇంగ్లీషు హెడ్డింగే తెలుసమ్మా. పట్టికలన్నీ కలిపి ఆఖర్న ఒక్కచోట పెట్టండి. పైన విడి లైనులో రిఫరెన్సెస్ అని ఇంగ్లీషులో కొట్టండి. చెక్‌కి ఇచ్చే కాపీలో పెడితే చాలు, అసలు థీసిస్‌లో మీ తెలుగు మీకే ఉంటుంది."

అనుబంధాలు కూడా అందులోనే కలిపి ఇచ్చాను. నూటయాభై పేజీల మాటల పట్టిక, ముసలివాళ్లతో మాట్లాడినప్పటి రికార్డింగుల రాత. ఆ పట్టికలో సగం నేనే అంతకుముందు ఒక పత్రికలో వ్యాసంగా వేసుకున్నాను. అది నాతోనే కలిసిందని చూపించింది. అక్కడి పద్ధతి ప్రకారం అట్ట, ధ్రువపత్రాలు, కృతజ్ఞతలు, విషయసూచిక, అనుబంధాలు పక్కకు తీసి, మొదటి అధ్యాయం నుంచి ముగింపు దాకానే చెక్‌కి ఇవ్వాలి. అధ్యాయాల్లోకి వచ్చిన నా వ్యాసం ముక్కకు మాత్రం, అది నాదేనని గైడ్ ఉత్తరం ఇవ్వాలి.

లైబ్రేరియన్ ఇంకోటి కూడా పట్టుకున్నారు. మూడో అధ్యాయంలో పట్టికల గడులు ఫాంటు మార్పులో చెదిరిపోతుంటే, డీటీపీ ఆయన వాటిని ఫోటోల్లా తీసి అతికించేశాడు.

"బొమ్మలో ఉన్న అక్షరాలు సాఫ్ట్‌వేర్ చదవదు. మీరు తెలిసి చేయలేదని నాకు తెలుసు. కానీ చూసినవాళ్లు దాచిపెట్టారనుకుంటారు. దూది ఏకే విల్లు ఫోటో, గింజలు తీసే చెక్క ఫోటో, అవి ఉండనీయండి. మాటలున్న పట్టిక మాత్రం మళ్లీ కొట్టించండి."

ఆ మాటే అరండల్‌పేట వెళ్లి చెబితే డీటీపీ ఆయన కళ్లు మెరిశాయి. "చదవదా! అయితే మేడం, ఎర్రగా వచ్చిన పేజీలన్నీ ఫోటోలు తీసి పెట్టేద్దాం. సున్నా వచ్చుద్ది."

"వద్దండి. ముందు ఆ పట్టికలు కొట్టండి" అన్నాను. నవ్వొచ్చింది గానీ, ఆ మాట మాస్టారు విని ఉంటే ఎంత నవ్వేవారో అనుకునేసరికి నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ పది నెలలూ అంతే. ఏది జరిగినా ఆయనకు చెప్పాలనిపించేది.

మూడు వారాలు పట్టింది. ప్రతి ఉటంకింపునీ అసలు పుస్తకంతో సరిచూసి, జంట గుర్తులు పెట్టి, పేజీ నంబరు రాశాను. రెండో రిపోర్టు పద్నాలుగుకు దిగింది. పాస్ అవడానికి ఇంకా నాలుగు తగ్గాలి. మిగిలిన ఎరుపులో సగం రెండో అధ్యాయంలోనే కనిపించింది. నాకు బాగా ఇష్టమైన అధ్యాయం అది. పక్కన చూపించిన మూలం ఒక్కటే, ఏళ్ల క్రితం ఆ యూనివర్సిటీలోనే సమర్పించిన ఒక థీసిస్.

"ఈ థీసిస్ మీరు చూశారా?" అనడిగారు లైబ్రేరియన్.

"లేదండి. పేరు కూడా వినలేదు."

"మరి ఇన్ని పేరాలు అచ్చంగా ఎలా కలిశాయమ్మా?"

ఆ గొంతులో నింద లేదు. అయినా నా ముఖం మండింది. రంగు వేసిన మొదటి పేరా చదివాను. "పనిముట్టు పోయాక దాని పేరు కొంతకాలం ఒంటరిగా బతుకుతుంది. ఆ పేరు ఎవరి నోట్లో మిగిలిందో వాళ్లు కూడా దాన్ని పెద్దగా పట్టించుకోరు." కింద ఇంకా ఉంది. ఎంత మురిసిపోతూ రాశానో ఆ పేరా! తల వంచుకుని చదువుతుంటే రెండో వాక్యం దగ్గర నాకు నా గొంతు కాకుండా మరొక గొంతు వినపడింది. కిటికీకీ తలుపుకీ మధ్య నడుస్తూ, మధ్యలో ఆగి, "పట్టించుకోరు" అన్నచోట చేతిలో సుద్దముక్క బల్లమీద పెట్టే మనిషి గొంతు.

"ఆ థీసిస్‌కి గైడ్ ఎవరో చూస్తారా?" అన్నాను.

లైబ్రేరియన్ మొదటి పేజీలు తెరిచారు. మాస్టారి పేరే ఉంది.

 తరవాత ఆమె నెమ్మదిగా, "ఆయన వాక్యాలా?" అన్నారు. తలూపాను. ఎనిమిదేళ్లుగా ఆ వాక్యాలు నావే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. నా క్లాసులో పిల్లలకు కూడా నా మాటల్లాగే చెప్పాను.

ఆ థీసిస్ రాసినాయన వినుకొండలో హైస్కూలు తెలుగు మాస్టారుగా పనిచేస్తున్నారని డిపార్ట్‌మెంటులో తెలిసింది. నంబరు తీసుకుని ఫోన్ చేశాను. విషయం చెప్పాక ఆ పేరా మొదటి వాక్యం నాచేత మళ్లీ చదివించుకున్నారు.

"మేడం, మీ దగ్గర క్లాసు నోట్సు ఉందా?" అన్నారు చివరికి.

"ఉందండి."

"నాది కూడా ఉంది. ఆదివారం రాగలరా? ఫోన్లో తేలే ముచ్చట కాదిది."

ఆదివారం బస్సులో వినుకొండ వెళ్లాను. దారి పొడవునా పత్తి చేలు పీకేసి, మోళ్లు కుప్పలు వేసి ఉన్నాయి. ఆయన ఇల్లు కొండ కనపడే వీధిలో ఉంది. పండిపోయిన జుట్టు, చొక్కా జేబులో రెండు పెన్నులు. భార్య మజ్జిగ ఇచ్చి, "మీ మాస్టారి గురించి మీరైనా ఈయనతో మాట్లాడండమ్మా. పోయారన్న కబురు తెలిసిన దగ్గర్నుంచీ ఆ నోట్సు తీయడం, మళ్లీ పెట్టెలో పెట్టడం" అంది.

వరండాలో చాప మీద రెండు నోటుపుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నాం. ఆయనది నా నోట్సుకన్నా పన్నెండేళ్ల ముందుది. కాగితం పసుపు రంగుకు తిరిగింది. ఇద్దరం వేరువేరు బెంచీల మీద, వేరువేరు ఏళ్లలో, ఒకే గొంతు వెంట పరిగెత్తి రాసుకున్నాం.

"పనిముట్టు పోయాక దాని పేరు కొంతకాలం ఒంటరిగా బతుకుతుంది" అని ఆయన చదివారు.

"ఆ పేరు ఎవరి నోట్లో మిగిలిందో వాళ్లు కూడా దాన్ని పెద్దగా పట్టించుకోరు" అని నేను చదివాను.

"ఆ కొంతకాలంలోనే మనం పోయి రాసుకోవాలి" అన్నారాయన.

నేను ఆగిపోయాను. "నా నోట్సులో అలా లేదండి. 'ఆ కొంతకాలంలోనే మనం పోయి కూర్చోవాలి' అని ఉంది."

ఆయన నా పుస్తకం లాక్కుని చూశారు. వేలితో ఆ మాట తడిమారు. "కూర్చోవాలి" అని తనలో తాను అనుకున్నారు. "మా రోజుల్లో రాసుకోవాలి అనేవారు. గట్టిగా అనేవారు. కాగితం లేకుండా ఊళ్లోకి పోతే తిట్టేవారు. మార్చుకున్నారన్నమాట."

"మాకు మొదటి మూడుసార్లూ కాగితం తీసుకెళ్లొద్దనేవారు."

"అవునా!" అంటూ ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను వెళ్లిపోయాక కూడా ఆయన ఆలోచిస్తానే ఉన్నారు. నాకా సంగతే తట్టలేదండి. ఆయన అక్కడే, మా క్లాసులోనే ఉండిపోయారనుకుంటున్నా ఇన్నాళ్లూ."

నాకు అసూయ కలిగింది. ఆ పన్నెండేళ్ల ముందటి మాస్టారిని, గట్టిగా తిట్టే మనిషిని, నేను చూడలేదు. ఈయనకు నేను చూసిన మాస్టారు దొరకలేదు. చెరో సగం పట్టుకుని ఆ వరండాలో కూర్చున్నాం. మధ్యాహ్నం అన్నం తిన్నాక కూడా ఇంకా చదువుతూనే ఉన్నాం. మాస్టారు ఎక్కడ దగ్గేవారో, ఎక్కడ నవ్వేవారో కూడా ఇద్దరికీ గుర్తే.

బయలుదేరే ముందు ఆయన గొంతు తగ్గించి, "మేడం, నా థీసిస్‌లో కూడా ఆయన పేరు పెట్టలేదండి ఆ పేరాలకి. నావే అనుకున్నాను. అప్పట్లో ఈ చెక్కులు లేవు, ఎవరూ అడగలేదు. మాస్టారు కూడా చదివి ఏమీ అనలేదు" అన్నారు.

"గమనించలేదంటారా?"

"గమనించకుండా ఎలా ఉంటారండి? సంతోషపడి ఊరుకున్నారేమో. నా మాట విని మీరు మాత్రం పెట్టండి. ఆయన పేరు పెట్టండి."

మర్నాడు లైబ్రేరియన్‌కి అంతా చెప్పాను. ఆమె చేయి గడ్డం కింద పెట్టుకుని విన్నారు. "వాక్యాలు అటూ ఇటూ మార్చి శాతం తగ్గించుకునేవాళ్లనే చూశాను ఇన్నాళ్లూ. మీరేం చేద్దామనుకుంటున్నారు?"

"ఆయనవి ఆయనవే అని రాస్తానండి."

"అచ్చు కాని క్లాసు పాఠాన్ని కూడా ఉటంకించొచ్చు. అచ్చంగా ఆయన మాట ఉన్నచోట జంట గుర్తులు పెట్టండి. కింద ఫుట్‌నోట్‌లో తరగతి ఉపన్యాసం, ఏ సంవత్సరం, ఎవరి నోట్సు, అవి రాయండి. రిఫరెన్సుల్లో కూడా ఒక లైను వేయండి. ఆయన ఆలోచన తీసుకుని మీరు సొంత మాటల్లో రాసినచోట గుర్తులు వద్దు, పేరు మాత్రం చెప్పండి. ఒక్క సంగతి, ఆ పేరాలన్నీ తెచ్చి గుర్తుల మధ్య పడేయకండి. శాతం తగ్గుద్ది గానీ ఆ అధ్యాయంలో మీరేరీ అని అడుగుతారు."

ఆ ప్రశ్నే నన్ను నెలరోజులు కూర్చోబెట్టింది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, ఎరుపు పడిన ఒక్కో వాక్యాన్నీ నోట్సు పక్కన పెట్టుకుని చదివేదాన్ని. ఇది ఆయనది. ఇది ఆయన చెప్పగా నేను అర్థం చేసుకున్నది. ఇది నేను ఊళ్లో విన్నది, ఆయనకు చెబితే తలూపినది. అలా విడదీస్తుంటే, అల్లిన జడ విప్పుతున్నట్టు ఉండేది. విప్పేకొద్దీ ఆయన నాకు దూరమవుతున్నారని బాధ. నా మాటలకు మధ్యలో గుర్తులు పెట్టి ఆయనను అవతల నిలబెడుతున్నానని బాధ. ఆయన పోయినప్పటి నుంచి ఎక్కడా కలగని దుఃఖం, ఆస్పత్రి బయట కూడా రాని ఏడుపు, ఆ జంట గుర్తులు కొడుతున్నప్పుడు వచ్చింది.

చివరికి అచ్చంగా ఆయనవి తొమ్మిది వాక్యాలు మిగిలాయి. మిగతాదంతా కొత్తగా రాశాను. మా నాన్న విల్లు పట్టుకునే తీరు, చీరాల వైపు నేతగాళ్ల ఇళ్లలో విన్నవి, నేను చూసినవి నేను చూసినట్టు రాశాను. అధ్యాయం మునుపటంత నున్నగా లేదు. అయితే అందులో నేనున్నాను.

రెండు నోటుపుస్తకాల్లో ఆ పేజీలను స్కాన్ చేసి అనుబంధంలో చేర్చాను. అవి బొమ్మలు, సాఫ్ట్‌వేర్ చదవదు, చెక్‌కి వెళ్లే ఫైలులో లేవు కూడా. అయినా కింద ఎవరి రాత, ఏ ఏడాది, ఏ పాఠం అన్నది అక్షరాల్లో కొట్టించాను. వినుకొండ మాస్టారు ఆనందంగా అనుమతి రాసి పంపారు. డీటీపీ ఆయన ఆ పేజీ పెద్దది చేసి చూసి, "'రాసుకోవాలి', 'కూర్చోవాలి'. ఇదేదో బాగుంది మేడం" అన్నాడు.

మూడోసారి ఏడు శాతం వచ్చింది. కొత్త గైడ్ మేడం రిపోర్టు మీద సంతకం చేయబోతూ ముగింపు దగ్గర ఆగారు.

"చేతులు పనిలో ఉన్నప్పుడే నోటికి మాట అందుతుంది, అన్న ఈ వాక్యానికి ఫుట్‌నోట్ దేనికమ్మా? ఇది ఎక్కడా మ్యాచ్ కాలేదు. రంగు లేదు. మీదే కదా?"

ఆ మాట ఏ నోట్సులోనూ లేదు. అది మా ఇంటి పంచలో పుట్టింది. ఒకసారి మాస్టారు మా ఊరొచ్చారు. విల్లులో భాగాల పేర్లు అడిగితే మా నాన్న ఒక్కటీ చెప్పలేకపోయాడు. "ఏమోనండి, మర్చిపోయా" అన్నాడు. విల్లు చేతికిచ్చి కాస్త దూది ముందు పోస్తే, నారి మోగిన కొద్దీ వరసగా పేర్లన్నీ వచ్చాయి. అప్పుడు ఎవరో ఆ మాట అన్నారు. మాస్టారో, నేనో. ఎంత గుర్తుచేసుకున్నా గాలిలోకి పొగలా లేచిన దూది, ఇద్దరం నవ్వడం, ఇవే కనపడుతున్నాయి. నోరు ఎవరిదో కనపడడం లేదు.

"తెలియదండి. అందుకే పెట్టాను" అన్నాను.

"ఎవరిదో తెలియదని థీసిస్‌లో రాయలేం కదా."

ఆ వాక్యం చుట్టూ నేను పెట్టిన జంట గుర్తులు తీసేశాను. ఫుట్‌నోట్‌లో "మాస్టారితో క్షేత్రపర్యటనలో జరిగిన సంభాషణ నుంచి" అని, ఆయన పేరుతో రాశాను. మేడం చదివి సంతకం పెట్టారు.

వైవా రోజున బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు నా థీసిస్‌లో చీటీలు పెట్టుకుని వచ్చారు. ఉచ్చారణ గురించి, పట్టికల గురించి అడిగారు. తరవాత కళ్లద్దాలు పైకి తోసుకుని, "ఈ ఫుట్‌నోట్లలో ఒకాయన మాటిమాటికీ వస్తున్నారు. పుస్తకం లేదు, వ్యాసం లేదు. క్లాసు, సంభాషణ, క్లాసు. ఎవరమ్మా ఈయన?" అన్నారు.

హాలులో కొత్త గైడ్ మేడం, డిపార్ట్‌మెంటు వాళ్లు, వెనక వరసలో లైబ్రేరియన్, వినుకొండ నుంచి వచ్చిన మాస్టారు ఉన్నారు. ఒక్క వాక్యంలో జవాబు చెప్పి ముగించవచ్చు. నేను అలా చెప్పలేకపోయాను. ఆయన నడక నుంచి మొదలుపెట్టాను. కాగితం తేనందుకు తిట్టిన రోజుల గురించి నేను చూడనిది కూడా చెప్పాను, అది ఎవరు చెప్పారో చెబుతూ. పావుగంట పైనే పట్టి ఉంటుంది. పరీక్షకుడు గడియారం చూడలేదు. చివర్లో నాకు తెలిసినంతా చెప్పి ఆగితే వెనక వరసలోంచి వినుకొండ మాస్టారు లేచి, "అనుమతిస్తే మిగతాది నేను చెబుతానండి" అన్నారు.